ప్రొపోజల్‌లో రితేష్ పేరు

రితేష్ పోయిన ఐదో నెలలో అతనికి ఒక మెయిల్ వచ్చింది.

నేను అతని భార్యను. అతని ఫోను నా దగ్గరే ఉంటుంది. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయని మామ దాన్ని తీసెయ్యనివ్వలేదు. మెయిల్ వచ్చినప్పుడు నేను భివండి గైబీ నగర్‌లో మా ఇంటి కిందే ఉన్న కార్ఖానాలో నూలు కండెలు సర్దుతున్నాను. చెయ్యి తుడుచుకుని చూశాను.

"డియర్ రితేష్ జీ," అని మొదలైంది. పోయిన ఏడు మీరు తెచ్చిన శాంపిల్ బట్ట మాకు నచ్చింది, ఇప్పుడు మా ఆస్పత్రులకు తెల్ల బెడ్‌షీట్లు కావాలి, సోమవారంలోగా ప్రొపోజల్ పంపండి అని రాసి ఉంది. కింద అశ్విని అని పేరు. ఆస్పత్రులకు దుప్పట్లు, షీట్లు సరఫరా చేసే కంపెనీలో కొనుగోళ్లు చూసే మేడం. వాళ్ళ గోదాము కాల్హేర్‌లో ఉంది. ప్రొపోజల్‌లో ఏమేం ఉండాలో కూడా చెప్పింది. మొదటి పేజీలో సారాంశం, తర్వాత ధరల పట్టిక, సరుకు ఎప్పుడెప్పుడు ఇస్తారో టైమ్‌లైన్, చివర ఇక ముందు ఎవరు ఏం చెయ్యాలో. కొత్త ఆస్పత్రి తెరుస్తున్నారు కాబట్టి మే నెల ఆఖరుకల్లా సరుకు గోదాములో ఉండాలట.

రెండుసార్లు చదివాను. రితేష్ జీ అన్న దగ్గర రెండుసార్లూ ఆగాను.

మామ పేరు భూమయ్య. జగిత్యాల పక్కన ఊరి నుంచి చిన్నప్పుడే భివండి వచ్చి, ఇంకొకరి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి, తర్వాత సొంతంగా ఇరవై నాలుగు పెట్టుకున్నాడు. అయినా ఇన్నేళ్ళూ సేట్లు నూలు ఇస్తే నేసి ఇవ్వడమే, మజూరి తీసుకోవడమే. బట్ట మీద ముద్ర సేట్‌దే. మన పేరు మీద మనమే అమ్మాలని రితేష్ అంటుండేవాడు. దాని కోసమే రితేష్ టెక్స్‌టైల్స్ అని రిజిస్టర్ చేయించాడు. ఒక్క పెద్ద ఆర్డరు రాకముందే కామెర్లు వచ్చి పోయాడు. ఇప్పుడు సేట్ల పని కూడా తగ్గింది. సగం సాంచాలు ఆగి ఉన్నాయి. ఈ ఎండాకాలం ఏదీ రాకపోతే ఆగినవాటిని తుక్కుకు ఇచ్చేస్తానని మామ అప్పటికే అనేశాడు.

మామకు మెయిల్ సంగతి చెప్పాను. కుర్చీ మీద ఉన్న నూలు దుమ్ము చేత్తో దులిపి కూర్చున్నాడు.

"ఆడు పోయినా ఆని పని వచ్చింది సూడు," అన్నాడు. "రాయి బిడ్డా. నీకు వస్తది గదా?"

నేను మా ఊరి జిల్లా పరిషత్ బడిలో చదివాను. ఇంటర్ దాకా అంతా తెలుగులోనే. రితేష్ మరాఠీ బడిలో చదివాడు కాబట్టి మా ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతే. కానీ అతను రాస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. చిన్న చిన్న వాక్యాలు రాసేవాడు. కష్టమైన మాట దొరికితే కొట్టేసి సులువుది పెట్టేవాడు. "వాళ్ళకు రోజూ యాభై కాగితాలు వస్తాయి స్వరూపా. ముందు మన గొప్ప చెప్పొద్దు. వాళ్ళకు ఏం కావాలో మనకు అర్థమైందని చెప్పాలి," అనేవాడు.

అతని లాప్‌టాప్‌లో పాత ప్రొపోజల్ ఒకటి దొరికింది. దాన్నే పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. మామ స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు.

"ముందుగాల ఏం రాస్తున్నవ్?"

"మీకు కొత్త ఆస్పత్రికి తెల్ల బెడ్‌షీట్లు కావాలి, రోజూ వేడినీళ్ళల్ల ఉతికినా ఆగాలి, మే ఆఖరుకు గోదాముల ఉండాలి అని."

"ఆమె రాసిందే మల్ల ఆమెకు చెప్తున్నవా?" మామ నవ్వాడు. "మనం భివండిల నంబర్ వన్ అని రాయి."

"అందరు గట్లనే రాస్తరు మామా."

"అయితే నంబర్ టూ అని రాయి. నిజమనుకుంటరు."

ఐదు నెలల్లో మామ హాస్యం ఆడడం అదే మొదటిసారి. లోపలి గదిలో బియ్యం ఏరుతున్న అత్తమ్మ తలెత్తి చూసి మళ్ళీ చేట మీదికి వంగింది.

ఆ తర్వాత మేమేం ఇస్తామో రాశాను. మామ కొలతలు చెప్పాడు. బట్ట వెడల్పును మా దగ్గర పన్నా అంటారు. సాంచ మీద నుంచి దిగినప్పటి పన్నా రాయబోతే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది కోరా గుడ్డ కొలత. మనకూ సేట్‌కూ మధ్యల నడుస్తది. ఆస్పత్రోళ్ళకు గది ఎందుకు? తెల్లగ చేసి, ఒకసారి ఉతికినంక షీటు ఎంత మిగులుతదో అది రాయి. లేకపోతే పరుపు మీద పొట్టిగైతది, మనల్ని తిడ్తరు."

ధరల దగ్గర మాత్రం మొండికేశాడు. బజార్లో ఎవరూ రేటు కాగితం మీద పెట్టరు. దలాల్‌తో నోటిమాట, ఒక చాయ్, అంతే. కాగితం మీద పెడితే అదే రేటు నెత్తికి చుట్టుకుంటుందని అతని భయం. అందుకే కింద ఒక వాక్యం పెట్టాను. ఈ ధర పదిహేను రోజులు చెల్లుతుంది, ఆ తర్వాత నూలు ధర మారితే కొత్త ధర చెబుతాం అని. అది చదివి చెప్పాక కుదుటపడ్డాడు. పట్టికలో ఒక్కో వరుసకు ఒక్కో సైజు పెట్టాను. తక్కువ తీసుకుంటే ఒక ధర, ఎక్కువ తీసుకుంటే ఇంకో ధర. కుట్టు, ప్యాకింగ్, కాల్హేర్ దాకా టెంపో కిరాయి ధరలోనే ఉన్నాయని, జీఎస్టీ మాత్రం వేరే అని విడిగా రాశాను. ఆర్డరుతో కొంత అడ్వాన్సు, మిగతాది సరుకు చూసుకున్నాక.

"బేరం కోసం కొంచెం పైకి పెట్టు," అన్నాడు మామ.

"వీళ్ళు బేరం ఆడరు మామా. ముగ్గురి దగ్గర కాగితాలు తీసుకుని పక్కపక్కన పెట్టి చూస్తరు. ఎక్కువుంటే ఫోను గూడ చెయ్యరు."

"గీ కంపెనీలోళ్ళు ఎట్ల వ్యాపారం చేస్తరో ఏమో," అని గొణిగి అసలు రేటే చెప్పాడు.

టైమ్‌లైన్ ఇద్దరం కలిసి వేశాం. శాంపిల్ ఒప్పుకున్నాక నూలు కొనాలి. నూలు సైజింగ్‌కు పోయి గంజి పట్టి, పడుగు బీముల మీద చుట్టుకుని రావాలి. తర్వాత నేత. శుక్రవారం మా దగ్గర కరెంటు ఉండదు, సాంచాలు బంద్. మేలో పెళ్ళిళ్ళకని సగం మంది పనివాళ్ళు ఊరికి పోతారు. అవన్నీ తీసేసి లెక్క వెయ్యమన్నాడు మామ. నేసిన బట్ట తెల్లగా చెయ్యడానికి ప్రాసెస్ హౌస్‌కు, అక్కడి నుంచి కుట్టుకు, చెకింగ్‌కు. అన్నీ పోను మే మూడో వారానికి మొదటి సగం, ఆఖరుకు మిగతా సగం. సరిగ్గా సరిపోయింది. మామ గోడకున్న మరాఠీ క్యాలెండర్ తీసి మళ్ళీ మళ్ళీ చూశాడు.

చివర మిగిలింది ఇక ముందు చెయ్యాల్సిన పనులు. మేం ముందు శాంపిల్ షీట్లు పంపుతాం. మీరు చూసి ఒప్పుకుంటూ రాసి పంపాలి. ఒకరోజు వచ్చి కార్ఖానా చూసుకోవాలి. మీ వెండర్ ఫారం పంపితే యజమాని సంతకంతో, జీఎస్టీ, బ్యాంకు కాగితాలతో తిరిగి ఇస్తాం. ఆ తర్వాత పర్చేజ్ ఆర్డర్.

రితేష్ పాత ప్రొపోజల్‌లో ఆ పనుల కింద ఒక గీత ఉంది. గీత కింద, "మాట్లాడవలసినవారు: రితేష్, యజమాని" అని.

కర్సర్ ఆ పేరు చివర పెట్టాను. చెరిపే మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మామ చూస్తున్నాడు. ఒక అక్షరం పోయింది. ఇంకోటి పోయింది. నేను మళ్ళీ ఆ రెండూ కొట్టాను.

"ఉండనియ్యి," అన్నాడు మామ.

"యజమాని అని ఉంది మామా."

"యజమాని ఆడే గదా. కాయితాల ఆడే ఉన్నడు."

అది నిజమే. అందులోనే చిక్కు. రితేష్ టెక్స్‌టైల్స్‌కు యజమాని రితేష్ ఒక్కడే. జీఎస్టీ అతని పేరు మీద, బ్యాంకు ఖాతా అతని పేరు మీద. యజమాని చనిపోతే ఆ నంబరు వాడకూడదు, వారసులు కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుని పాతది మూసెయ్యాలి. మా లెక్కలు చూసే సంపత్ ఈ మాట మొదటి నెలలోనే చెప్పడానికి వచ్చాడు. రితేష్, అతను ఒకే బెంచీ మీద చదువుకున్నారు. "రితేష్‌ది క్యాన్సిల్ చెయ్యాలె పెద్దమ్మా," అన్నాడు మెల్లగా. అత్తమ్మ లేచి వెళ్ళి బాత్రూంలో నల్లా తిప్పింది. బకెట్టు నిండి పొర్లుతున్నా బయటికి రాలేదు. సంపత్ చాయ్ తాగకుండా వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి నెలనెలా రితేష్ పేరు మీదే రిటర్న్ వేస్తున్నాడు. మేమూ వెయ్యనిస్తున్నాం.

ఆదివారం మామ సంపత్‌ను పిలిపించాడు. సంపత్ ప్రొపోజల్ మొత్తం చదివాడు.

"మస్తు రాసినవ్ వదినా. వాడు గూడ గింత సాఫ్‌గా రాయకపోతుండె." పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు. "కంపెనీవాళ్ళు జీఎస్టీ పోర్టల్‌ల నంబర్ చూస్తరు. యాక్టివ్ అని వస్తది. అంతే చూస్తరు."

"ఫారం మీద సంతకం?" అన్నాను.

సంపత్ మామ వైపు చూశాడు. మామ నేల వైపు చూశాడు.

"ఆని సంతకం నీకు తెల్వదా బిడ్డా," అన్నాడు మామ. "చెక్కుల మీద రోజూ సూసినవ్."

నాకు తెలుసు. మొదటి అక్షరం కొక్కెంలా తిప్పి చివర రెండు చుక్కలు పెడతాడు. పెళ్ళైన కొత్తలో ఒక కాగితం నిండా నేర్చుకుని చూపిస్తే పడీపడీ నవ్వాడు. కానీ అది ఆట.

"కార్ఖానా చూడనీకి వస్తరు మామా. రితేష్ జీ ఎక్కడ అని అడుగుతరు. ఆ మేడం అతన్ని చూసింది."

"ఊరికి పోయిండు అందాం."

"పెద్ద ఆర్డరు ఉన్నప్పుడు ఊరికి పోతరా?"

"ఆని తాతకు బాగలేదందాం. ఏదో ఒకటి. ఒక్క ఆర్డరు నడవనియ్యి, తర్వాత మెల్లగ పేరు మారుద్దాం. ఇప్పుడు కొత్త రిజిస్ట్రేషన్ అంటే ఎన్ని దినాలు?"

"డెత్ సర్టిఫికెట్ వెట్టాలె, కార్ఖానా మీ పేరు మీద చూపియ్యాలె," అన్నాడు సంపత్. "తొందరగైతే పదిహేను దినాలు. ఏదైనా అడిగితే నెల. తర్వాత బ్యాంకు ఖాతా."

"అది వచ్చేదాక బిల్లు చెయ్యరాదు గదా?"

"రాదు పెద్దనాయనా. అడ్వాన్సు తీసుకునుడు గూడ కష్టమే. ఖాతా వాని పేరు మీద ఉంది."

మామ క్యాలెండర్ వైపు చూశాడు. మళ్ళీ తియ్యలేదు. అడ్వాన్సు లేకపోతే నూలు కొనలేం. అంటే జూన్.

"నిజం రాస్తే ఆర్డరు పోతది," అన్నాడు. "అబద్ధం రాస్తే ఎవనికి నష్టం? గుడ్డ మంచిదే ఇస్తం. టయానికి ఇస్తం. ఎవన్ని మోసం చేస్తున్నం చెప్పు?"

బట్ట మంచిదే. ధర సరైనదే. కాగితంలో ఆ ఒక్క పేరు తప్ప అంతా నిజమే. ఆ పేరు ఉండాలని నాకూ ఉంది. అతను ఆశపడ్డ కాగితం ఇదే. దాని చివర అతని పేరు ఉంటే ఎంత బాగుంటుందో చూశాను కూడా, తెర మీద.

అప్పుడు అత్తమ్మ లోపలి నుంచి వచ్చింది. ఆమె పేరు లక్ష్మవ్వ. కొడుకు పోయాక కంట నీరు పెట్టని మనిషి అని వాడలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవారు. పొద్దున కండెలు చుడుతుంది, వండుతుంది, మళ్ళీ చుడుతుంది.

"ఏం రాసినవో నాకు చదువు," అంది.

"ఇంగ్లీష్‌ల ఉంది అత్తమ్మా."

"తెలుగుల చెప్పు."

చెప్పాను. వాళ్ళకేం కావాలో, మేమేం ఇస్తామో, ఎంతకు, ఎప్పటికి. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. చివర పేరు దగ్గర ఆగాను.

"ఆళ్ళు చూడనీకి వస్తరంటివి. ఎన్నిసార్లు వస్తరు?"

"ముందొకసారి. సరుకు తయారైనంక ఇంకోసారి. ఫోన్లు కూడా చేస్తరు."

"వచ్చినప్పుడల్లా ఊరికి పోయిండు అని ఎవరు చెప్పాలె? మీ మామ సైజింగ్ కాడ ఉంటడు. నువ్వు శాంపిల్ పట్టుకుని పోతవ్. ఇంట్ల ఉండేది నేను." ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. "ఒకసారి చెప్తా. రెండోసారి చెప్తా. మూడోసారి నాకే నమ్మబుద్ధి అయితది. పొద్దుమూకితే బస్సు వచ్చే యాళ్లకు బయటికొచ్చి చూస్త. నాతోని గా పని చేపియ్యకుండ్రి."

కింద సాంచాలు కొడుతున్నాయి.

"రాయి," అంది నాతో. "ఉన్నది ఉన్నట్టు రాయి. నేను ఈడ్నే కూసుంట."

ఆమె ఎదురుగానే రాశాను. సారాంశం చివర రెండు వాక్యాలు పెట్టాను. మీకు శాంపిల్ చూపించిన మా యజమాని రితేష్ గత నవంబరులో మరణించారు. వారి తండ్రి భూమయ్య వ్యాపారం కొనసాగిస్తున్నారు, వారి పేరున కొత్త రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేస్తున్నాం. టైమ్‌లైన్‌లో మొదటి వరుస కొత్తగా చేర్చాను: రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా. ఇది పూర్తిగా మా చేతిలో లేదని, ఇది అయ్యాకే మిగతా వారాలు మొదలవుతాయని రాశాను. సరుకు తేదీ జూన్ ఆఖరుకు పోయింది. మీ తేదీకి ఇది ఆలస్యమని మాకు తెలుసు అని కూడా రాశాను. దాచినా వాళ్ళకు పట్టికలో కనబడుతుంది. మాట్లాడవలసినవారు అన్నచోట నా పేరు, నా నంబరు.

మరణించారు అన్న మాటకు ఇంగ్లీషులో రెండు మూడు మాటలు తెలుసు. మెత్తగా ఉండేవి ఉన్నాయి. రితేష్ అయితే సులువుది పెట్టేవాడు. నేనూ సులువుదే పెట్టాను. అది కొట్టేటప్పుడు తప్పు పడింది. సరిచేసి మళ్ళీ కొట్టాల్సి వచ్చింది.

"అయిందా?" అంది అత్తమ్మ.

"అయింది."

సంపత్ ముఖం గోడ వైపు తిప్పుకుని నిలబడ్డాడు. మామ పంపమని చెప్పలేదు, వద్దనీ అనలేదు. నేను పంపాను. తెల్లారి శాంపిల్ షీట్లు మడతపెట్టి కాల్హేర్ వెళ్ళి గోదాము ఆఫీసులో ఇచ్చి వచ్చాను. మేడం మీటింగులో ఉందన్నారు. ఆ మధ్యాహ్నమే మామ డెత్ సర్టిఫికెట్ జిరాక్సు తీయించి సంపత్‌కు ఇచ్చాడు. జిరాక్సు షాపువాడు ఎన్ని కాపీలు కావాలని అడిగితే చెప్పలేక వేళ్ళు చూపించాడట.

తర్వాతి వారం అశ్విని మేడం ఫోను చేసింది. నేను మెట్ల మీద ఉన్నాను. చప్పుడుకు వినబడక వీధి చివరి దాకా నడిచాను. ఆమె హిందీలో, తొందర లేకుండా మాట్లాడింది. మూడు ప్రొపోజల్స్‌లో మాదే స్పష్టంగా ఉందని, ధర సరిపోయిందని, ఉతికి చూస్తే బట్ట కూడా మాదే నిలబడిందని చెప్పింది. కానీ ఆస్పత్రి తెరిచే తేదీ మారదు. ఆర్డరు ఇంకొకరికి ఇచ్చారు. రిజిస్ట్రేషన్ వచ్చాక పంపండి, వచ్చే ఏడు తప్పకుండా అడుగుతాం అంది.

"ధన్యవాదాలు మేడం," అన్నాను. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"రితేష్ జీ సంగతి నాకు తెలియదు. అతను వచ్చిన రోజు గుర్తుంది. బట్టకు ఒక కొస నా చేతికిచ్చి, లాగండి మేడం, మీ బలమంతా పెట్టి లాగండి అన్నాడు. ఆఫీసంతా మా వైపే చూసింది. నేను లాగలేక నవ్వాను. అతనూ నవ్వాడు."

ఆ సంగతి అతను నాకు ఎప్పుడూ చెప్పలేదు. వెళ్ళొచ్చాను, చూస్తామన్నారు అని మాత్రమే అన్నాడు ఆ రోజు. ఇంకేమన్నాడు, ఏ చొక్కా వేసుకున్నాడు, ఎండలో వచ్చి నీళ్ళు అడిగాడా అని అడగాలనిపించింది. ఆమెకు పని ఉంటుంది. అడగలేదు.

మామకు చెప్పాను. అతను తల ఊపి కిందికి వెళ్ళి ఆగి ఉన్న సాంచాల మధ్య కాసేపు తిరిగాడు. ఒకదాని మీద చెయ్యి వేసి, "గీ వరుస తీసేస్తా. తుక్కోన్ని రమ్మంటా," అన్నాడు. నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

అత్తమ్మ కిటికీ దగ్గర రాట్నం మీద కండెలు చుడుతోంది. ఆమెకు అర్థమైనట్టే ఉంది. రాట్నం ఆపకుండా అడిగింది.

"ఇయ్యలేదా?"

"ఇయ్యలేదు అత్తమ్మా. తేదీ కుదరలేదు."

"ఆమె చదివిందా మనం రాసింది?"

"చదివింది."

"గా మాట గూడ?"

"చదివింది. బాధపడ్డది."

రాట్నం మీద ఆమె చెయ్యి నెమ్మదించింది. నూలు తెగింది. కొసలు రెండూ వేళ్ళతో పట్టుకుంది, ముడి వెయ్యలేదు.

"మొన్నటిదాక ఆమె లెక్కల ఆడు ఉండె గదా," అంది. "డియర్ రితేష్ జీ అని ఉత్తరం రాసె. ఆ ఆఫీసుల కూసున్నోళ్ళకు ఆడు బతికే ఉండె." నా వైపు చూసింది. "ఇగ ఆడ గూడ లేడు బిడ్డా."

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె తల నా భుజం మీద పెట్టింది. నోరు తెరుచుకుని ఉంది. ఒళ్ళంతా ఊగిపోతోంది. కింద సాంచాలు ఒక్కతీరుగా కొడుతున్నాయి. ఆ చప్పుడులో ఆమె ఏడుపు నాకు వినబడలేదు.